మొదటి నాలుగు ఇళ్లూ వదిలేశాను, తర్వాత అంత మంచిది రాలేదు: 37 శాతం రూల్ గురించి

ప్రశ్న: "బెంగళూరులో అద్దెకి ఇల్లు వెతుకుతున్నాను. ఈ నెలలో మొత్తం 12 ఫ్లాట్లు చూసేలా ప్లాన్ చేసుకున్నాను. మొదటి 37 శాతం చూసి వదిలేయ్, ఆ తర్వాత వాటన్నిటికన్నా బాగున్నది కనపడగానే తీసేసుకో, అది లెక్కల్లో నిరూపించిన రూల్ అని ఫ్రెండ్ చెప్పాడు. అలాగే మొదటి 4 వదిలేశాను. ఇప్పటికి 8 చూశాను, మూడోదాన్ని మించింది ఒక్కటీ రాలేదు, దాన్నేమో వేరేవాళ్లు తీసేసుకున్నారు. ఏడోది దాని తర్వాత బాగుంది, కానీ రూల్ ప్రకారం వదిలేశాను. రూల్ తప్పా, నేను తప్పు చేశానా? మిగిలిన నాలుగింటితో ఏం చేయాలి?"

ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత. ఆ ఏడో ఇంటి ఓనర్‌కి ఈ రోజే ఫోన్ చేయండి. ఇంకా ఖాళీగా ఉంటే తీసేసుకోండి. అది కూడా పోయి ఉంటే, ఇక "అన్నిటికన్నా బాగుండాలి" అన్న పట్టు వదిలేయండి. తొమ్మిదో ఇల్లు అప్పటిదాకా చూసినవాటిలో మొదటి మూడింట్లో ఉంటే చాలు. పదోది మొదటి నాలుగింట్లో ఉంటే చాలు. పదకొండోది మొదటి ఆరింట్లో ఉన్నా తీసుకోవచ్చు. రూల్ తప్పు కాదు, మీరు దాన్ని పాటించడంలోనూ తప్పు లేదు. కాకపోతే ఆ రూల్ జవాబిచ్చే ప్రశ్న వేరు, మీ అవసరం వేరు.

నేను చదివింది ఆపరేషన్స్ రీసెర్చ్. ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఉద్యోగమంతా ఇలాంటి నిర్ణయాల లెక్కలతోనే గడిచింది. ఇక్కడే అయిదు అద్దె ఇళ్లు మారాను, రెండు కంపెనీల్లో నా టీముల కోసం మనుషుల్ని తీసుకున్నాను. అందుకే ఈ రూల్ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కొంచెం వివరంగా చెప్తాను.

దీని అసలు పేరు సెక్రటరీ ప్రాబ్లం. ఒక ఉద్యోగానికి అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఎవరు ఎప్పుడు వస్తారో ఒక వరస అంటూ ఉండదు, మొత్తం ఎంతమందో మాత్రం ముందే తెలుసు. ఇంటర్వ్యూ అయిన వెంటనే అవునో కాదో చెప్పేయాలి, కాదంటే మళ్లీ పిలవడానికి లేదు. అందరిలోకీ ఉత్తములైన ఆ ఒక్కరు దొరికితేనే గెలిచినట్టు, రెండోవారు దొరికినా ఓడినట్టే. ఈ లెక్క 1960లో మార్టిన్ గార్డ్‌నర్ ఒక సైన్సు పత్రికలో రాసే గణిత వినోదాల శీర్షికలో వచ్చి బాగా పాకింది, మరుసటి ఏడు డెనిస్ లిండ్లీ అనే గణాంక శాస్త్రవేత్త దాని పరిష్కారాన్ని ప్రచురించాడు.

మొదటి కొన్నిటిని ఊరికే వదిలేస్తే లాభమేంటో మూడు ఇళ్లతో చూడండి. మంచిదాన్ని 1 అనీ, తర్వాతిదాన్ని 2 అనీ, చివరిదాన్ని 3 అనీ అనుకుందాం. అవి ఎదురయ్యే వరసలు ఆరే: 123, 132, 213, 231, 312, 321. కళ్లు మూసుకుని ఏదో ఒకటి పట్టుకుంటే 1 దొరికే అవకాశం మూడింట ఒక వంతు. అలా కాకుండా మొదటిది వదిలేసి, దానికన్నా మెరుగైనది రాగానే పట్టుకున్నామనుకోండి. 213లో 2 వదిలి 1 పట్టుకుంటాం. 231లో 2 వదులుతాం, 3 దానికన్నా తక్కువ కాబట్టి దాన్నీ వదులుతాం, చివరికి 1 దొరుకుతుంది. 312లో 3 వదిలి 1 పట్టుకుంటాం. ఆరింట్లో మూడుసార్లు గెలిచాం, అంటే సగానికి సగం. ఒక్క ఇంటిని కొలబద్దగా వాడినందుకే అవకాశం 33 నుంచి 50 శాతానికి పెరిగింది.

ఓడిన మూడుసార్లు కూడా చూడండి, మీ కథ అక్కడే ఉంది. 123, 132 వరసల్లో మంచిది మొదటే వచ్చి మన చేతులతోనే పోయింది. 321లో 3 వదిలాం, 2 రాగానే ఇదే గొప్పదనుకుని తొందరపడ్డాం, వెనక వస్తున్న 1 తప్పిపోయింది. ఎక్కువ వదిలితే మొదటి రకం నష్టం పెరుగుతుంది, తక్కువ వదిలితే రెండో రకం పెరుగుతుంది. ఎన్ని వదలాలన్నది ఈ రెండిటి మధ్య బేరం.

12 ఇళ్లకి ఇదే లెక్క ఎలా వేస్తారంటే, మొదటి r ఇళ్లు వదిలేశామనుకోండి. అన్నిటికన్నా మంచిది k అనే స్థానంలో ఉంది, r తర్వాతే ఉంది. అది మనకి దక్కాలంటే అక్కడిదాకా మనం ఎక్కడా ఆగిపోయి ఉండకూడదు. అంటే, దానికి ముందున్న k-1 ఇళ్లలో మంచిది మనం వదిలేసిన మొదటి r ఇళ్లలోనే ఉండాలి. దాని అవకాశం r/(k-1). మంచిది సరిగ్గా k స్థానంలో ఉండే అవకాశం 1/12. రెండిటినీ గుణించి, k విలువలన్నిటికీ కూడితే సరి. మీ ఫ్రెండ్‌కి కోడింగ్ వస్తే దీన్ని నడిపి చూడమనండి:

```python
n = 12
for r in range(1, n):
    p = r/n * sum(1/(k-1) for k in range(r+1, n+1))
    print(r, round(p, 3))
```

మూడు వదిలితే 38 శాతం, నాలుగు వదిలితే 39.6, అయిదు వదిలితే 39. కాబట్టి మీరు నాలుగు వదలడం ఈ లెక్క ప్రకారం సరైన పనే. పక్క అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా గమనించండి. మూడా నాలుగా అయిదా అని టెన్షన్ పడక్కర్లేదు, ఆ చుట్టుపక్కల ఎక్కడున్నా ఒకటే. 37 అనే అంకె ఇళ్ల సంఖ్య బాగా పెరిగినప్పుడు వస్తుంది, అప్పుడు వదలాల్సిన భాగం, గెలిచే అవకాశం రెండూ 1/e దగ్గర, అంటే 0.368 దగ్గర స్థిరపడతాయి.

చాలామంది చూడనిది, రూల్ ఓడినప్పుడు ఎలా ఓడుతుందో. 12 ఇళ్లలో నాలుగు వదిలితే గెలుపు 39.6 శాతం. ఇంకో 27 శాతం సార్లు కొలబద్దని దాటిన ఇల్లు దొరుకుతుంది కానీ దానికన్నా మంచిది వెనకెక్కడో ఉండిపోతుంది. ఇది పెద్ద బాధ కాదు, దొరికింది మంచి ఇల్లే. మిగిలిన 33 శాతం సార్లు అసలు మంచిదే మొదటి నాలుగింట్లో ఉండి చేజారుతుంది, ఆ తర్వాత ఏదీ కొలబద్దని దాటదు, చివరికి పన్నెండోది ఎలా ఉన్నా దాంట్లోనే దిగాలి. అప్పుడు ఆ పన్నెండోది రెండో ర్యాంకు నుంచి పన్నెండో ర్యాంకు దాకా ఏదైనా కావచ్చు, సగటున ఏడో ర్యాంకు. మూడుసార్లలో ఒకసారి ఇలా జరిగే రూల్‌ని ఇంటి కోసం వాడేముందు ఆలోచించుకోవాలి, ఆ ఇంట్లో పదకొండు నెలలు ఉండాల్సింది మీరు.

మీరు ఇప్పటికే ఆ 33 శాతంలో పడ్డారా అంటే, ఖాయంగా చెప్పలేం కానీ అవకాశం మాత్రం లెక్కకట్టొచ్చు. వరస యాదృచ్ఛికమైతే, 8 చూశాక వాటిలో మంచిదే మొత్తం 12లోనూ మంచిది అయ్యే అవకాశం 8/12. అంటే మూడో ఇంటిని మించింది మిగిలిన నాలుగింట్లో ఉండే అవకాశం మూడింట ఒక వంతే. తొమ్మిదోది కూడా మామూలుగా ఉంటే అది నాలుగింట ఒక వంతుకి పడుతుంది. ఫ్రెండ్ చెప్పిన రూల్ ఈ స్థితిలో కూడా "మించింది రావాల్సిందే" అంటుంది, ఎందుకంటే దాని దృష్టిలో రెండో ర్యాంకు ఇల్లూ పన్నెండో ర్యాంకు ఇల్లూ ఒకటే. మీకు మాత్రం ఒకటి కాదు.

కాబట్టి ప్రశ్న మార్చాలి. "అన్నిటికన్నా మంచిది దొరికే అవకాశం ఎంత" అని కాకుండా "నాకు దొరికే ఇంటి సగటు ర్యాంకు ఎంత మంచిగా ఉంటుంది" అని అడగాలి. దీన్ని 1964లో చౌ, మోరిగుటి, రాబిన్స్, శామ్యూల్స్ అనే నలుగురు పరిష్కరించారు. వాళ్ల ఫలితం నాకు చదువుకునే రోజుల్లో నమ్మబుద్ధి కాలేదు, ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యమే: సరిగ్గా ఆడితే లక్షమంది అభ్యర్థులున్నా దొరికేవారి సగటు ర్యాంకు 3.87 దాటదు.

ఆ సరైన ఆట ఏంటంటే, మొదట్లో గట్టిగా ఉండి రోజులు గడిచేకొద్దీ మెట్టు మెట్టుగా సడలించడం. దాన్ని చివరి నుంచి వెనక్కి లెక్కవేస్తారు. మీ 12 ఇళ్లకి నేను వేసి చూశాను, మీరూ కాగితం మీద వేసుకోవచ్చు.

కావాల్సింది ఒక్క సూత్రం. ఇప్పటిదాకా చూసినవాటిలో ఒక ఇంటి ర్యాంకు తెలిస్తే, మొత్తం 12లో దాని ర్యాంకు సగటున ఎంత ఉంటుందో ఇలా వస్తుంది: ర్యాంకు × 13 ÷ (చూసినవి + 1). ఇక చివరి నుంచి మొదలుపెడదాం. పన్నెండోదాకా వెళ్లిపోతే ఏది వస్తే అదే, సగటు ర్యాంకు 6.5. పదకొండో ఇంటి దగ్గర నిలబడినప్పుడు పోల్చాల్సింది ఈ 6.5తో. పదకొండింటిలో దాని ర్యాంకు 6 అయితే 6×13÷12, అది కూడా 6.5 వస్తుంది. కాబట్టి ఆరు దాకా తీసుకోవచ్చు, ఏడు నుంచి వదిలేయాలి. ఆ ఇంటికి పదకొండు ర్యాంకుల్లో ఏదైనా సమానంగా రావచ్చు. ఆరు దాకా వస్తే తీసుకుంటాం, మిగతా అయిదు సందర్భాల్లో 6.5కి పోతాం, వీటన్నిటి సగటు 5.02. అంటే పదో ఇంటి దగ్గర వద్దనుకుని ముందుకెళ్తే మీరు ఆశించగలిగేది 5.02. పదింట్లో నాలుగో ర్యాంకు ఇంటికి 4×13÷11, అంటే 4.73 వస్తుంది, ఇది మెరుగు కాబట్టి తీసుకోవాలి. అయిదో ర్యాంకుకి 5.9 వస్తుంది కాబట్టి వదిలేయాలి. ఇలాగే ఇంకో మెట్టు వెనక్కి వెళ్తే తొమ్మిదోదాని దగ్గర పోల్చాల్సిన అంకె 4.20 వస్తుంది, మూడో ర్యాంకు ఇంటికి 3.9 కాబట్టి మూడు దాకా సరే. నేను పైన చెప్పిన మూడు, నాలుగు, ఆరు ఇక్కడివే.

మొత్తం వెనక్కి వెళ్తే మొదటి మూడు వదలాలి, నాలుగు నుంచి ఆరు దాకా అన్నిటికన్నా మంచిదైతేనే తీసుకోవాలి, ఏడు ఎనిమిది దగ్గర రెండో ర్యాంకైనా సరే. ఇలా ఆడితే సగటు ర్యాంకు 2.68. ఫ్రెండ్ చెప్పినట్టు ఆడితే 3.47. మొదటి ర్యాంకు ఇల్లు దొరికే అవకాశం కొంచెం తగ్గుతుంది, దానికి బదులు పన్నెండోదాంట్లో ఇరుక్కునే ప్రమాదం చాలా తగ్గుతుంది.

ఇప్పుడు మీ ఏడో ఇంటి సంగతి. ఆ రోజు అది ఏడింట్లో రెండోది, మొత్తం మీద దాని సగటు ర్యాంకు 2×13÷8, అంటే 3.25. వదిలి ముందుకెళ్తే ఆశించదగ్గది 3.29. తేడా దాదాపు లేదు. కాబట్టి ఆ రోజు వదిలినందుకు బాధపడకండి, నిజంగా రెండిటికీ సమానంగా ఉన్న నిర్ణయం అది. కానీ తర్వాత ఎనిమిదోది కూడా చూశారు, అది ఏడోదాన్ని మించలేదు. ఇప్పుడు ఎనిమిదింట్లో రెండోది కాబట్టి దాని సగటు 2×13÷9, అంటే 2.89. ముందుకెళ్తే ఆశించదగ్గది 3.66కి దిగజారింది. ఆ రోజు సమానంగా ఉన్న ఇల్లు ఇవాళ స్పష్టంగా మెరుగైంది, ఇల్లు మారలేదు కానీ మీ ముందున్న దారి కుదించుకుపోయింది. అందుకే ఫోన్ చేయమన్నాను. సెక్రటరీ ప్రాబ్లంలో వదిలినవారిని వెనక్కి పిలవలేం, అద్దె ఇంటి విషయంలో కొన్నిసార్లు పిలవొచ్చు. ఈ ఊళ్లో ఐటీ కంపెనీల చుట్టుపక్కల మంచి ఇల్లు రెండు మూడు రోజుల కన్నా ఎక్కువ ఆగడం నేను తక్కువగానే చూశాను, కాబట్టి సాయంత్రం దాకా ఆగొద్దు.

ఇంత లెక్కా ఒక్కదాని మీద నిలబడింది, ఇళ్లు యాదృచ్ఛికంగా ఎదురవుతున్నాయన్న నమ్మకం మీద. బ్రోకర్ చూపిస్తుంటే ఆ నమ్మకం తరచూ చెల్లదు. నా మూడో ఇంటి వేటలో ఒకే బ్రోకర్ రెండు రోజుల్లో అయిదు ఇళ్లు చూపించాడు. మొదటిది చీకటి కొట్టు, రెండోదానికి కాస్త వెలుతురు, మూడోదానికి బాల్కనీ, నాలుగోదానికి కావేరి నీళ్లు, అయిదోదానికి అన్నీ ఉండి పార్కింగ్ కూడా ఉంది. నేను కొలబద్ద పెట్టుకున్నది మొదటి నాలుగింటితో, అయిదోది దాన్ని దాటింది, సంతోషంగా టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేశాను. చేరిన నెలకి పక్క వీధిలో అదే అద్దెకి అంతకన్నా మంచివి మూడు కనపడ్డాయి. అతను అమ్మాలనుకున్నది అయిదోదాన్నే, మొదటి నాలుగూ దాన్ని గొప్పగా చూపడానికే.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది, అప్పుడు నేను చేయలేదు. వరస యాదృచ్ఛికమైతే k-వ ఇల్లు అప్పటిదాకా చూసిన అన్నిటికన్నా మంచిదయ్యే అవకాశం 1/k మాత్రమే. రెండోది మొదటిదాన్ని దాటడం సగం సార్లు జరుగుతుంది, అయిదోది ముందున్న నాలుగింటినీ దాటడం అయిదింట ఒకసారే. 12 ఇళ్లు చూస్తే ఇలా "ఇప్పటిదాకా ఇదే మంచిది" అనిపించే సందర్భాలు, మొదటి ఇంటితో కలిపి, సగటున మూడే. అయిదు ఇళ్లూ వరసగా ఒకదాన్ని మించి ఒకటి ఉండే అవకాశం 1/120. అది జరిగిందంటే అదృష్టం అనుకోవద్దు, ఎవరో పేర్చారని అనుకోండి. తిరగేసి కూడా జరుగుతుంది. త్వరగా బేరం తేల్చుకోవాలనుకునే బ్రోకర్ మంచివి ముందు చూపిస్తాడు, అప్పుడు కొలబద్ద మరీ ఎత్తులో పడి తర్వాతవేవీ దాటవు, కొత్తగా వచ్చిన ప్రతి ఇల్లూ మీ పట్టికలో అట్టడుగునే చేరుతూ ఉంటుంది.

మీ విషయంలో మూడోది మొదటిది, ఏడోది రెండోది అంటున్నారు, పేర్చిన జాడ కనపడటం లేదు. ఎక్కుతూ వెళ్లలేదు, దిగుతూనూ వెళ్లలేదు. కాబట్టి పై అంకెలు మీకు వర్తిస్తాయనే అనుకుంటున్నాను. అయినా మిగిలిన నాలుగూ ఒకరే చూపిస్తుంటే, అన్ని అడ్రసులూ ముందే తీసుకుని ఏది ముందు చూడాలో మీరే చీటీలు తీసి నిర్ణయించండి. కుదిరితే ఒకటి రెండు టు-లెట్ బోర్డు చూసి నేరుగా వెళ్లి చూడండి.

మీకు 12 అని ముందే తెలియడం కూడా కొంచెం అదృష్టమే. చాలామందికి ఎన్ని ఇళ్లు చూస్తారో తెలియదు, పీజీ ఖాళీ చేయాల్సిన తేదీ మాత్రం తెలుసు. వాళ్లు ఇళ్లని కాకుండా రోజుల్ని లెక్కపెట్టాలి. 1984లో థామస్ బ్రుస్ అనే గణితవేత్త చూపించింది ఇదే: ఇళ్లు ఆ గడువులో ఎప్పుడైనా సమానంగా తగలొచ్చు అనుకుంటే, మొదటి 37 శాతం సమయం ఊరికే చూస్తూ, తర్వాత వచ్చే మొదటి మెరుగైనదాన్ని పట్టుకుంటే, ఎన్ని ఇళ్లు వచ్చినా గెలిచే అవకాశం 37 శాతానికి తగ్గదు. నెల గడువుంటే మొదటి 11 రోజులు అన్నమాట. నా నాలుగో ఇంటికి ఇదే వాడాను, చివరి వారంలో పైన చెప్పినట్టు సడలించాను, ఆ ఇంట్లో ఆరేళ్లున్నాం.

చివరిగా ఒక సంగతి, మీరు బ్యాచిలర్ అయితే ముఖ్యంగా. పై లెక్కలన్నీ మీరు అవునంటే ఇల్లు మీదే అనుకుంటాయి. కానీ ఓనర్ కూడా అవుననాలి కదా. బ్యాచిలర్లకి ఇవ్వమనేవాళ్లు, మాంసం వండితే కుదరదనేవాళ్లు, ముందు ఒప్పుకుని రెండో రోజు వాళ్ల బంధువులకి ఇచ్చేశామనేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. మీరు అడిగిన ప్రతి రెండింట్లో ఒకటే దొరుకుతుందనుకుంటే, "మంచిది మాత్రమే" అన్న పాత లెక్కలో కూడా వదలాల్సింది 37 శాతం కాదు, 25 శాతమే. గెలిచే అవకాశం కూడా 25 శాతానికి పడిపోతుంది.

ఇది నాకు అనుభవంలోకి వచ్చింది ఉద్యోగుల్ని తీసుకునేటప్పుడు. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీలో ఒక సీనియర్ పోస్టుకి పదిమందిని చూడాలి. వారానికి ఇద్దరిని ఇంటర్వ్యూ చేసేవాళ్లం, రెండు మూడు రోజులు ఆలస్యమైతే వేరే ఆఫర్ తీసుకునేవాళ్లు, కాబట్టి వెనక్కి పిలవడం దాదాపు కుదరని పనే. నేను లెక్క ప్రకారం ముగ్గురిని వదిలాను, వాళ్లలో రెండో అమ్మాయి చాలా బాగా చేసింది. ఆరో అభ్యర్థి ఆమెని మించాడు, వెంటనే ఆఫర్ ఇచ్చాం, ఒప్పుకున్నాడు, నోటీస్ పీరియడ్ చివర్లో పాత కంపెనీ జీతం పెంచితే అక్కడే ఉండిపోయాడు. ఈలోపు మిగతా నలుగురినీ చూసేశాం, ఆ ఇద్దరి దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు. మూడు నెలలు పోస్టు ఖాళీగా ఉంది, పనంతా టీము మీద పడింది, ఆ భారం చూసి నాకు నిద్ర పట్టేది కాదు. సగంమంది కాదంటారని తెలిసి కూడా నేను అందరూ అవునంటారన్న లెక్క వాడాను. ఆ రోజు నుంచి "ఒప్పుకుంటారా" అన్న ప్రశ్న లెక్కలో పెట్టకుండా ఎంతమందిని వదలాలో నిర్ణయించలేదు.

కాబట్టి మీరు తొమ్మిదో ఇల్లు చూడబోయే ముందు రెండు పనులు చేయండి. చూసిన ఎనిమిదింటినీ ఒకటి నుంచి ఎనిమిది దాకా ర్యాంకు వేసి కాగితం మీద రాసుకోండి. అద్దె, నీళ్లు, ఆఫీసు దూరం, అడ్వాన్స్ అన్నీ కలిపి ఒకే ర్యాంకు, ఈ ఇంటికి ఒకటి ఆ ఇంటికి ఒకటి అని కొలతలు మార్చకుండా. కొత్త ఇల్లు చూశాక ఆ పట్టికలో ఎక్కడ పడుతుందో అప్పుడే, మెట్లు దిగేలోపే, రాయండి, లేకపోతే పాత ఇళ్లు జ్ఞాపకంలో అసలుకన్నా మెరుగ్గానో ఘోరంగానో మారిపోతాయి. రెండోది, మీలాంటివాళ్లకి ఇస్తారో లేదో ఓనర్‌ని ఫోన్లోనే అడిగేయండి. ఇవ్వనంటే ఆ ఇల్లు మీ 12లో లెక్క కాదు, దాని బదులు ఇంకోటి వెతుక్కుని మిగిలిన చూపుల సంఖ్య నాలుగుగానే ఉంచుకోండి.

ఏడో ఇంటి ఓనర్ ఏమన్నాడో ఇక్కడే రాయండి. పోయిందంటే, తొమ్మిదోది చూసిన రోజు దాని ర్యాంకు చెప్పండి, అక్కడి నుంచి లెక్క మళ్లీ కలిసి వేద్దాం.